సిగ్నల్ వస్తే ఫోన్ క్లీన్ అయిపోదు: సెకండ్ హ్యాండ్ ఫోన్లపై అపోహలు - వాస్తవాలు

అపోహ: సిమ్ వేశా, కాల్ కలిసింది. ఇంకేం చూడాలి?

మా రిపేర్ షాపులో నాకు విసుగు తెప్పించే మాట ఇదే. ఫోన్ పోగొట్టుకున్నవాళ్లు ముందు పోలీసు కంప్లైంట్ ఇచ్చి, డూప్లికేట్ సిమ్ తీసుకుని, ఆ తర్వాత పోయిన ఫోన్లను ఆపించే ప్రభుత్వ పోర్టల్ సీఈఐఆర్‌లో బ్లాక్ పెడతారు. అప్పటిదాకా దొంగిలించిన ఫోన్లో కూడా కాల్స్ వెళ్తూనే ఉంటాయి.

మొన్న ఒక ఇంజనీరింగ్ కుర్రాడు వచ్చాడు. ఆదివారం 9,500కి ఫోన్ కొన్నాడు, బుధవారానికి సిగ్నల్ పోయింది. ఎవరో యాంటెనా పోయిందని చెప్పి 800 తీసుకున్నారట. వైఫైలో వాట్సాప్ వస్తోంది, అదే సిమ్ వాళ్లమ్మ ఫోన్లో బాగానే ఉంది. ఈ రెండూ వినగానే నాకు అనుమానం వచ్చింది. చెక్ చేస్తే బ్లాక్‌లిస్ట్! పాపం, ఫీజు డబ్బుల్లోంచి తీసి కొన్నాడట.

కొనేముందు `*#06#` కొట్టండి. ఫోన్ గుర్తింపు నంబరు, అంటే ఐఎంఈఐ, కనిపిస్తుంది. రెండు సిమ్‌ల ఫోన్లో రెండు ఐఎంఈఐలు వస్తాయి, రెండూ చూడాలి. పెట్టె మీద నంబరు నమ్మొద్దు, పెట్టెలు విడిగా దొరుకుతాయి. తర్వాత ఇలా రాసి 14422కి ఎస్ఎంఎస్ పంపండి:

```
KYM <15 అంకెల IMEI>
```

ప్రభుత్వ సంచార్ సాథీ యాప్‌లోనూ ఇదే చూడొచ్చు. Black-listed, duplicate, already in use అని వస్తే ఆ ఫోన్ జోలికి వెళ్లొద్దు. జవాబులో వచ్చిన కంపెనీ, మోడల్ మీ చేతిలో ఉన్న ఫోన్‌వేనా అన్నది కూడా చూడండి. వేరే మోడల్ పేరు వస్తే ఐఎంఈఐ మార్చారనో, వేరే ఫోన్ బోర్డు వేశారనో అనుమానించాలి.

అయితే ఈ చెక్ ఈ రోజు స్థితినే చెబుతుంది. రేపు ఓనర్ బ్లాక్ పెడితే అది మీకు ముందే తెలియదు. అందుకే అమ్మేవాడి పేరుతో బిల్లు అడగండి, అందులో ఐఎంఈఐ సరిపోవాలి. ఐడీ కాపీ తీసుకోండి, డబ్బు ఆ పేరున్న ఖాతాకే యూపీఐ చేయండి. "బిల్లు పోయింది అన్నా" అంటే, రేటు ఎంత తగ్గించినా వదిలేయండి.

అపోహ: ఫ్లాష్ చేసి సాఫ్ట్‌వేర్ మళ్లీ ఎక్కిస్తే బ్లాక్ పోతుంది.

పోదు. బ్లాక్ ఉండేది ఫోన్లో కాదు, ఆపరేటర్ల నెట్‌వర్క్‌లో. దేశంలో ఏ కంపెనీ సిమ్ వేసినా అంతే.

అపోహ: ఐఎంఈఐ మార్పిస్తే సరి.

అది నేరం. 2023 టెలికాం చట్టం ప్రకారం మూడేళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా పడొచ్చు.

ఇప్పటికే కొనేసి ఇరుక్కున్నవాళ్లు టెన్షన్‌తో ఫోన్‌ని ఇంకొకరికి అంటగట్టకండి. బ్లాక్ పెట్టినవాళ్లే దాన్ని తీయించగలరు. యూపీఐ రసీదు, అమ్మినవాడితో చేసిన చాట్ తీసుకుని పోలీస్ స్టేషన్‌కు వెళ్లండి. ఫోన్ ఓనర్‌కి వెళ్లిపోవచ్చు. మీ డబ్బు అమ్మినవాడి దగ్గర రాబట్టుకోవడానికి ఆ రసీదే ఆధారం.