పిక్సెల్ షిఫ్ట్: కలంకారీ గుడ్డ ముందు నిలబడే మాటలు, నిలబడని మాటలు

శ్రీకాళహస్తి కలంకారీ గుడ్డలకు కాపీ ఫొటోలు తీయడం నా పని. తిరుపతిలో కొత్త కెమెరా కొన్నవాళ్లు ఎక్కువగా అడిగేది పిక్సెల్ షిఫ్ట్ గురించే. సెన్సర్‌ను కొంచెం కొంచెం జరుపుతూ కొన్ని షాట్లు తీసి, వాటన్నిటినీ కలిపి ఒకే ఫొటో చేసే మోడ్ ఇది.

అపోహ: ఈ మోడ్ మెగాపిక్సెళ్లు పెంచడానికే.

నాలుగు షాట్ల పద్ధతిలో ఒక్క పిక్సెల్ కూడా పెరగదు. సెన్సర్‌లో ఒక్కో గది ఒక్క రంగునే చూస్తుంది. మిగతా రెండు రంగులను పక్క గదులను బట్టి కెమెరా ఊహిస్తుంది. సెన్సర్‌ను ఒక్కో పిక్సెల్ చొప్పున జరుపుతూ నాలుగు సార్లు తీస్తే, ప్రతి చోటా ఎరుపు, నీలం ఒక్కోసారి, ఆకుపచ్చ రెండుసార్లు నేరుగా అందుతాయి. ఊహించాల్సిన పని ఉండదు.

గుడ్డ మీద దీని విలువ తెలుస్తుంది. సెంటీమీటరుకు 24 పోగులున్న మీటరు వెడల్పు గుడ్డ అనుకోండి. మొత్తం 2400 పోగులు. 42 మెగాపిక్సెళ్ల సోనీ ఏ7ఆర్ త్రీలో అడ్డంగా 7952 పిక్సెళ్లు, అంటే పోగుకు దాదాపు 3.3. ఎరుపు గదులు రెండు పిక్సెళ్లకు ఒకటే కాబట్టి, ఎరుపులో నేత సరిగ్గా రావాలంటే పోగుకు కనీసం 4 పిక్సెళ్లు పడాలి. నీలానికీ అంతే. అవి చాలక, సింగిల్ షాట్‌లో తెల్ల నేల మీద గులాబీ, ఆకుపచ్చ చారలు తేలతాయి. బెల్లం, తుప్పు ఇనుము నానబెట్టిన నల్లరంగుతో గీసిన సన్నగీత అంచున కూడా లేని రంగు కనిపిస్తుంది. నాలుగు షాట్లలో 2 పిక్సెళ్లు చాలు. ఆ చారలు పోతాయి.

అపోహ: 16 షాట్లు తీస్తే వివరం నాలుగింతలు.

ఏ7ఆర్ ఫోర్ అర పిక్సెల్ చొప్పున కూడా జరిపి, 61 మెగాపిక్సెళ్ల సెన్సర్‌తోనే 240 మెగాపిక్సెళ్ల ఫైలు ఇస్తుంది. ఒక దిక్కున చూస్తే అది గరిష్ఠంగా రెట్టింపే, అదీ లెన్స్ అంత వివరం ఇవ్వగలిగితేనే. ఎఫ్/11 దగ్గర కాంతి చుక్కే సుమారు 15 మైక్రాన్లకు పరుచుకుంటుంది; ఆ కెమెరా పిక్సెల్ 3.76 మైక్రాన్లు. ఇక అర పిక్సెల్ జరిపి ఏం లాభం? మంచి లెన్స్‌తో ఎఫ్/5.6 దగ్గర తీయండి.

అపోహ: ట్రైపాడ్ ఉంటే చాలు.

వేలాడదీసిన గుడ్డ ఫ్యాన్ గాలికి వెంట్రుకవాసి కదిలినా చాలు, పని చెడుతుంది. 100 శాతానికి పెద్దది చేసి అంచులు చూడండి: చిన్న గళ్లు, జాలీలాంటి గుర్తులు కనిపిస్తే కదలికే. గుర్తులు ఒకచోటే ఉంటే గుడ్డ కదిలింది, ఫ్రేమంతా ఉంటే కెమెరా లేదా నేల. చవక ఎల్ఈడీ లైటు మినుకుమన్నా షాట్ల వెలుగులో తేడా వచ్చి ఇలాగే అవుతుంది. షట్టర్ 1/10 సెకను పెడితే ఆ బాధ తగ్గుతుంది. తలకోన అడవిలో ఆకుల మీద ఈ మోడ్ వాడటం వృథా.

గుడ్డ మూడు మీటర్లుంటే నేను ఈ మోడ్ జోలికే పోను. దగ్గరికి జరిగి ముక్కలుగా తీసి అతికిస్తాను. పోగుకు ఆరేడు పిక్సెళ్లు పడ్డాక ఆ రంగుచారలు సింగిల్ షాట్‌లోనూ రావు. కాకపోతే లైటు ప్రతి ముక్కకూ ఒకేలా పడాలి, అతికే పనికి ఓపిక కావాలి.