ప్రమోషన్ వచ్చిందంటే "ఓ, మంచిది" అన్నారు: ఆ రెండు మాటల వెనక ఏముంది?

నాకు మేనేజర్‌గా ప్రమోషన్ వచ్చిన రోజు ఇంటికొచ్చి చెప్తే మా ఆయన టిఫిన్ డబ్బాలు కడుగుతూ, తల కూడా తిప్పకుండా "ఓ, మంచిది" అన్నారు, ఆ వెంటనే "గ్యాస్ బుక్ చేశావా?" అని అడిగారు. ఆ రాత్రంతా నిద్ర పట్టలేదు. కుళ్లుకున్నారనే అనుకున్నాను.

ఇలాంటి మాటను పరిశోధకులు ఆలస్యంగానే పట్టించుకున్నారు. దంపతులు గొడవలప్పుడు, కష్టాలప్పుడు ఎలా ఉంటారన్నదే చాలాకాలం వాళ్ల దృష్టి. 2004లో అమెరికాలో షెల్లీ గేబుల్ బృందం మంచి వార్త విన్నప్పటి స్పందనను నాలుగు రకాలుగా విడదీసింది: సంబరంగా అడిగి తెలుసుకోవడం, ముక్తసరిగా మెచ్చుకుని ఊరుకోవడం, అందులో లోపాలు వెతకడం, అసలు పట్టించుకోకపోవడం. మొదటి రకం స్పందన ఉన్న జంటల్లోనే సంతృప్తి ఎక్కువ కనిపించింది. చెడు ఉద్దేశం లేని ఆ ముక్తసరి మెచ్చుకోలు కూడా తక్కువ సంతృప్తి వైపే తేలింది. నాకైతే ఇది చదివి గుండె గుభేలుమంది. కానీ ఆ మాట విన్నవాళ్లకు ఎలా అనిపిస్తుందో తప్ప, అన్నవాళ్లు ఎందుకలా అన్నారో ఈ లెక్క చెప్పదు.

ఎందుకన్నదానికి అంతకుముందే అబ్రహాం టెస్సర్ అనే మనస్తత్వవేత్త ఒక దారి చూపించాడు. దగ్గరివాళ్లు గెలిస్తే, ఆ రంగం మనది కాకపోతే గర్వంగా ఉంటుంది, మనదే అయితే పోలిక మొదలై గుచ్చుకుంటుంది. మేమిద్దరం హైదరాబాద్‌లో ఐటీలోనే, దాదాపు ఒకే పని, పైగా ఆయనకు రెండేళ్లుగా ప్రమోషన్ లేదు. ఇక 2013లో రాట్లిఫ్, ఓయిషీ అనే పరిశోధకులు చేసిన ప్రయోగాల్లో తేలింది ఇంకా సూక్ష్మం: భాగస్వామి విజయం గుర్తుచేస్తే మగవాళ్లు పైకి అడిగినప్పుడు బాగానే ఉన్నామన్నారు, లోలోపలి ఆత్మగౌరవాన్ని కొలిచే పరీక్షలో మాత్రం తగ్గారు. ఆడవాళ్లలో ఆ తగ్గుదల కనిపించలేదు. అంటే అడిగినా నిజం బయటికి రాకపోవచ్చు, దాచిపెట్టి కాదు, ఆయనకే తెలియక.

అందుకే అడగడం మానేసి గమనించాను. ఆ నెలలో ఆయన ప్రాజెక్టు రిలీజ్ ఉంది, రాత్రి ఒంటిగంటకు పడుకునేవారు, చెల్లెలికి సంబంధం కుదిరిందన్నా అదే "ఓ, మంచిది", ఇష్టమైన క్రికెట్ కూడా చూడలేదు. కుళ్లయితే నా విషయంలోనే చల్లబడాలి కదా, ఇది అన్నిటికీ ఒకటే. రిలీజ్ అయిపోయిన ఆదివారం ఆయనే "నీ కింద ఎంతమంది ఉంటారు, జీతం ఎంత పెరుగుతుంది?" అని వివరంగా అడిగారు, చాలాసేపు విన్నారు కూడా.

అయితే పండక్కి మా అత్తగారింట్లో పెదమామయ్య "ఇప్పుడు నీకన్నా కోడలికే ఎక్కువా?" అనగానే ఆయన ఫోన్ చేతిలోకి తీసుకుని బయటికెళ్లారు. మొదటిరోజుది టెన్షన్, పండగనాటిది అభద్రత. రెండూ ఒకే మనిషిలో, నెల తేడాతో.