హారం మరిచిన లెక్క

వదిన దగ్గర నుంచి ఫోను వచ్చేసరికి రాత్రి తొమ్మిదిన్నర దాటింది. వాళ్లుండేది మల్కాజిగిరిలో, మేముండేది తార్నాకలో. రెండు నెలలుగా ఆమెకు నీరసంగా ఉంటోంది, జుట్టు కూడా రాలుతోంది. బోరు నీళ్ల వల్లేనని మొదట అనుకున్నారు, ఈ నగరంలో అందరూ అనుకున్నట్టే. తర్వాత ఎందుకైనా మంచిదని ఒక ల్యాబు వాళ్ల ప్యాకేజీ పరీక్షలు చేయించుకున్నారు. ఇంటికే వచ్చి రక్తం తీసుకెళ్లారు, రిపోర్టు ఫోనుకు పంపారు. అందులో చివరి పేజీలో నల్లటి అక్షరాలతో ఒక వరుస ఉంది: ఏఎన్‌ఏ పాజిటివ్, 1:160. కింద వివరణ ఏమీ లేదు.

ఫోను అన్నయ్య తీసుకున్నాడు. అప్పటికే రెండు గంటలు ఇంటర్నెట్‌లో వెతికి, శరీర రక్షణ వ్యవస్థ తన శరీరం మీదే దాడి చేసే లూపస్ అనే జబ్బు పేరు దగ్గర ఆగిపోయాడు. "ఈ పరీక్ష పొరపాటు పడేది వందలో అయిదుసార్లేనటరా. అంటే 95 శాతం జబ్బు ఉన్నట్టే కదా? నువ్వు లెక్కలు చెప్పేవాడివి, చెప్పు" అన్నాడు. వెనక వదిన మాట వినిపించలేదు.

నేను డిగ్రీ విద్యార్థులకు గణాంక శాస్త్రం చెబుతాను. అన్నయ్య అన్న మాటలో మొదటి సగం దాదాపు నిజమే. రెండో సగం మాత్రం మొదటి సగం నుంచి రాదు. ఆ రెండింటి మధ్య ఒక అంకె తప్పిపోయింది. అది తెలియకపోవడం వల్ల ఆ ఇంట్లో ఆ రాత్రి ఎవరూ నిద్రపోలేదు. అందుకే ఆ లెక్కను ఇక్కడ మొత్తం చేసి చూపించాలనిపించింది.

ముందు పరీక్ష సంగతి. మన శరీరం ఒక్కోసారి తన కణాల కేంద్రకాల మీదే యాంటీబాడీలు తయారుచేసుకుంటుంది. ఏఎన్‌ఏ పరీక్ష వెతికేది వాటినే. రక్తంలోని సీరాన్ని పలుచన చేస్తూ పోతారు: 40 వంతులకు, 80 వంతులకు, 160 వంతులకు, ఇలా ప్రతిసారీ రెట్టింపు. ఆ ద్రవాన్ని గాజు పలక మీద పెంచిన కణాలపై పోసి, యాంటీబాడీలు అంటుకున్నచోట మెరిసే రంగు వేసి సూక్ష్మదర్శినిలో చూస్తారు. ఎంత పలుచన చేసినా మెరుపు ఇంకా కనిపిస్తుంటే యాంటీబాడీలు అంత ఎక్కువ ఉన్నట్టు. 1:160 అంటే 160 వంతులకు పలుచన చేసినా మెరుపు కనిపించిందని అర్థం.

లూపస్ ఉన్నవారిలో నూటికి 98 మందికి ఈ పరీక్ష పాజిటివ్ వస్తుంది. అయితే ఏ జబ్బూ లేనివారిలో కూడా ఈ యాంటీబాడీలు ఉంటాయి. 1997లో వేర్వేరు దేశాల 15 ప్రయోగశాలలు కలిసి ఆరోగ్యవంతుల రక్తాన్ని పరీక్షించి ఫలితాలు ప్రచురించాయి. 1:40 దగ్గర వారిలో దాదాపు 32 శాతం మందికి, 1:80 దగ్గర 13 శాతం మందికి, 1:160 దగ్గర 5 శాతం మందికి పాజిటివ్ వచ్చింది. "వందలో అయిదుసార్లు" అన్న మాటకు అసలు అర్థం ఇది: జబ్బు లేని వందమందిని పరీక్షిస్తే అయిదుగురికి పాజిటివ్ వస్తుంది.

ఇక తప్పిపోయిన అంకె. పాజిటివ్, నెగటివ్ మాట పక్కన పెడితే, అసలు జనంలో లూపస్ ఎంతమందికి ఉంది? దీన్ని మూల రేటు అందాం. మహిళల్లో వెయ్యికి ఒకరు అనుకుందాం. మన దేశంలో వేసిన అంచనాలు ఇంతకన్నా తక్కువే చెబుతున్నాయి, అయినా ఎక్కువే తీసుకుందాం.

శాతాలు పక్కనపెట్టి మనుషులను లెక్కపెడదాం. మల్కాజిగిరి నుంచి పదివేల మంది మహిళలు వచ్చి ఇదే పరీక్ష చేయించుకున్నారనుకోండి. వారిలో లూపస్ ఉన్నవారు 10 మంది. ఆ పదిమందికీ పాజిటివ్ వచ్చిందనుకుందాం. మిగిలిన 9,990 మందికి జబ్బు లేదు, కానీ వారిలో 5 శాతం, అంటే దాదాపు 500 మందికి కూడా పాజిటివ్ వస్తుంది. చేతిలో పాజిటివ్ రిపోర్టు పట్టుకున్నవారు మొత్తం 510 మంది. అందులో జబ్బు ఉన్నవారు 10 మంది. అంటే నూటికి ఇద్దరు.

అన్నయ్య చెప్పింది 95. లెక్క చెప్పింది 2.

వదినకు నీరసం, జుట్టు రాలడం ఉన్నాయి కదా, ఆమెను ఊరికే పరీక్షించుకున్నవారితో ఎలా కలుపుతారు అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కాకపోతే ఆ రెండు బాధలూ రక్తహీనతలో ఉంటాయి, థైరాయిడ్ తేడాలో ఉంటాయి, నిద్ర చాలకపోయినా ఉంటాయి. వాటివల్ల అవకాశం మూడు రెట్లు పెరిగిందనే అనుకుందాం. అప్పుడు 530 మందిలో 30 మంది, నూటికి ఆరుగురి లోపే.

ఈ పొరపాటు ఎక్కడ జరుగుతుందో చూడండి. తిరుపతి వెళ్లి వచ్చినవారిలో చాలామందికి గుండు ఉంటుంది. అంతమాత్రాన సికింద్రాబాద్ స్టేషన్‌లో గుండుతో కనిపించిన ప్రతివారూ తిరుపతి నుంచే వచ్చారనలేం. మొదటి వాక్యంలో మనం లెక్కపెట్టింది తిరుపతి వెళ్లినవారిని, రెండోదాంట్లో గుండు ఉన్నవారిని. బడిలో భిన్నాలు నేర్చుకున్నప్పటి మాటల్లో చెప్పాలంటే లవం అదే, హారం మారిపోయింది. "జబ్బున్నవారిలో పాజిటివ్ వచ్చినవారు" అన్నప్పుడు గీత కింద ఉండేది జబ్బున్నవారు. "పాజిటివ్ వచ్చినవారిలో జబ్బున్నవారు" అన్నప్పుడు గీత కింద ఉండేది పాజిటివ్ వచ్చినవారంతా. వదినకు కావలసింది రెండోది. అన్నయ్య చదివింది మొదటి రకం లెక్క.

ఇందులో అన్నయ్యను తప్పుపట్టడానికి ఏమీ లేదు. 1978లో హార్వర్డ్ వైద్య కళాశాలకు చెందిన ఆసుపత్రుల్లో 60 మందిని సరిగ్గా ఇదే ప్రశ్న అడిగారు. వారిలో అనుభవమున్న వైద్యులు, శిక్షణలో ఉన్నవారు, చివరి ఏడాది విద్యార్థులు ఉన్నారు. వెయ్యికి ఒకరికి ఉండే జబ్బు, 5 శాతం తప్పుడు పాజిటివ్‌లు ఇచ్చే పరీక్ష, ఫలితం పాజిటివ్; జబ్బు ఉండే అవకాశం ఎంత? 2 శాతం అని సరిగా చెప్పినవారు 11 మంది. దాదాపు సగం మంది 95 శాతం అన్నారు. ఇలాంటి ప్రశ్నలను శాతాల్లో కాకుండా "ఇంతమందిలో ఇందరు" అని మనుషుల లెక్కలో అడిగితే సరైన జవాబులు బాగా పెరుగుతాయని జర్మనీకి చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త గెర్డ్ గిగరెంజర్ తర్వాత చూపించారు. నేను తరగతిలో ఈ లెక్కకు ఆధారమైన బేయీస్ సూత్రం బోర్డు మీద రాయడానికి ముందు పదివేల మందిని లెక్కపెట్టించేది అందుకే.

మరి ఈ పరీక్ష పనికిరానిదా? ఎంతమాత్రం కాదు. ఇప్పుడు మల్కాజిగిరి నుంచి పంజాగుట్టకు వెళదాం. నిమ్స్ ఆసుపత్రిలో రుమటాలజీ, అంటే కీళ్లవ్యాధుల విభాగం ముందు కూర్చున్నవారిలో కొందరికి ఎండకు వెళితే చెంపల మీద ఎర్రటి దద్దుర్లు వస్తున్నాయి, కీళ్లు వాస్తున్నాయి, మూత్రంలో ప్రొటీన్ పోతోంది. ఇలాంటి వెయ్యిమందిలో 300 మందికి నిజంగానే లూపస్ ఉందని లెక్క కోసం అనుకుందాం. వారిలో 294 మందికి పాజిటివ్ వస్తుంది. మిగిలిన 700 మందిలో 5 శాతం, అంటే 35 మందికి తప్పుగా వస్తుంది. పాజిటివ్ వచ్చిన 329 మందిలో 294 మంది జబ్బున్నవారే. నూటికి 89. అదే ల్యాబు, అదే యంత్రం, కాగితం మీద అదే 1:160. ఒకచోట దాని అర్థం 2, ఇంకోచోట 89. ఆ తేడా రక్తంలో లేదు, పరీక్షకు ఎవరు వచ్చారన్నదానిలో ఉంది. లక్షణాలు లేనివారికి అమ్మే ప్యాకేజీలో ఈ పరీక్షను చేర్చడం నాకు తప్పుగా తోచేది ఇందుకే. పరీక్ష మంచిదే, దాన్ని తీసుకెళ్లి పెట్టిన చోటు మంచిది కాదు.

"మళ్లీ చేయిద్దామా, ఇంకో ల్యాబులో?" అని అన్నయ్య అడిగాడు. చాలామందికి వచ్చే ఆలోచనే ఇది. ఇక్కడ మాత్రం పెద్దగా ఉపయోగపడదు. ల్యాబు వాళ్లు సీసాలు తారుమారు చేసి ఉంటే రెండోసారి బయటపడుతుంది. వదిన రక్తంలో ఆ యాంటీబాడీలు నిజంగానే ఉంటే ఎన్ని ల్యాబులకు తిరిగినా పాజిటివే వస్తుంది, జబ్బు ఉన్నా లేకపోయినా. వేరే దారిలో వెతికే పరీక్ష కావాలి: మూత్రంలో ప్రొటీన్, లేదా లూపస్ లేనివారిలో అరుదుగా కనిపించే ఇంకోరకం యాంటీబాడీ. మన ప్రభుత్వ హెచ్‌ఐవీ పరీక్షా కేంద్రాల పద్ధతిలో ఈ లెక్క అంతా ఇమిడి ఉంది. జబ్బు లక్షణాలున్న మనిషికి రెండు వేర్వేరు కిట్లలో పాజిటివ్ వస్తే నిర్ధారిస్తారు. లక్షణాలు లేని మనిషికైతే మూడు వేర్వేరు కిట్లు కావాలి. మూల రేటు తక్కువ ఉన్నచోట ఇంకొక సాక్ష్యం అడుగుతారన్నమాట.

ఇదే హారం వాదనల్లో కూడా మాయమవుతుంది. 2022 జనవరిలో ఒమిక్రాన్ వ్యాపించినప్పుడు మా అపార్ట్‌మెంట్ మెట్ల దగ్గర ఒక పెద్దాయన గట్టిగా వాదించారు: "ఆసుపత్రిలో చేరినవారిలో మూడింట రెండు వంతుల మంది టీకా వేయించుకున్నవారే, ఇక టీకా ఎందుకు?" ఆయన చెప్పిన వాటా నిజమేననుకుని లెక్క వేద్దాం. పదివేల మంది పెద్దల్లో 9,000 మంది టీకా వేయించుకున్నారు, 1,000 మంది వేయించుకోలేదు అనుకుందాం. వేయించుకోనివారిలో 20 మంది, వేయించుకున్నవారిలో 36 మంది ఆసుపత్రిలో చేరారు. చేరిన 56 మందిలో 36 మంది టీకావారే, దాదాపు మూడింట రెండు వంతులు. కానీ ఒకవైపు వెయ్యికి 20 మంది, ఇంకోవైపు వెయ్యికి నలుగురు. ఆయన చూపిన అంకెతోనే టీకా ముప్పును అయిదో వంతుకు తగ్గించిందని తేలుతోంది. అందరూ టీకా వేయించుకున్న ఊళ్లో అయితే ఆసుపత్రిలో చేరినవారంతా టీకావారే అవుతారు.

వారం తర్వాత వదినను కీళ్లవ్యాధుల వైద్యురాలి దగ్గరికి తీసుకెళ్లాం. ఆమె రిపోర్టును ఒక్కసారి చూసి బల్ల మీద పెట్టేసి ప్రశ్నలు మొదలుపెట్టారు. ఎండలో దద్దుర్లు వస్తాయా? నోట్లో నొప్పిలేని పుండ్లు? పొద్దున్నే వేళ్ల కీళ్లు బిగుసుకుంటాయా? ఇంట్లో ఎవరికైనా ఉందా? దేనికీ అవునన్న జవాబు రాలేదు. బీపీ చూశారు, మూత్ర పరీక్ష, రక్తంలో హిమోగ్లోబిన్ రాసిచ్చారు. మూత్రం మామూలుగా ఉంది. హిమోగ్లోబిన్ 9.2 వచ్చింది. ఐరన్ మాత్రలు రాసి, ఏఎన్‌ఏ మళ్లీ చేయించవద్దన్నారు. దద్దుర్లు, కీళ్ల వాపు, నోటిపుండ్లు, కాళ్ల వాపు, ఈ నాలుగింటిలో ఏది కనిపించినా వెంటనే రమ్మని చీటీ వెనక రాసిచ్చారు. అప్పుడు ఇదే 1:160ని కొత్తగా చదవాల్సి వస్తుందని చెప్పారు. ఆ చీటీ ఇప్పుడు వాళ్ల ఫ్రిజ్ తలుపు మీద ఉంది.