బిల్లు మీద పన్ను, లాభం మీద పన్ను: రొయ్యల దాకా వచ్చిన గొడవ

బరంపురంలో పట్టుచీరలు అమ్మే వ్యాపారి ఫోన్లలో ప్రకటన వేయిస్తే, చూసేదీ కొనేదీ ఇక్కడివాళ్లే. పదేళ్ల కిందట బిల్లు మాత్రం చాలాసార్లు ఐర్లాండ్ నుంచో సింగపూర్ నుంచో వచ్చేది. ఆ డబ్బు మీద మన ఖజానాకు దక్కేది దాదాపు సున్నా.

కారణం పాతదే. విదేశీ కంపెనీ వ్యాపార లాభం మీద పన్ను వేయాలంటే దానికి మన గడ్డ మీద ఆఫీసో, ఫ్యాక్టరీయో, ఏజెంటో ఉండాలి. నానాజాతి సమితి కాలంలో, 1920లలో రూపుకట్టిన ఈ సూత్రమే ఇప్పటికీ దేశాల మధ్య పన్ను ఒప్పందాలకు ఆధారం. తెర మీద మాత్రమే కనిపించే కంపెనీ దానికి చిక్కదు. 2015లో ధనిక దేశాల సంఘం ఓఈసీడీ సమస్యను ఒప్పుకుంది గానీ ఒకే పరిష్కారం మీదికి దేశాలను తేలేకపోయింది.

భారత్ ఆగలేదు. 2016 జూన్ 1 నుంచి ఈక్వలైజేషన్ లెవీ పేరుతో ఆన్‌లైన్ ప్రకటనల చెల్లింపుల మీద 6 శాతం పన్ను తెచ్చింది. దీన్ని ఆదాయపు పన్ను చట్టంలో కలపకుండా ఫైనాన్స్ చట్టంలో విడి అధ్యాయంగా పెట్టారు. ఒప్పందాల రక్షణ ఆదాయపు పన్నుకే కాబట్టి, దీనికి అది అడ్డు రాదన్నది ఎత్తుగడ. తెలివైనదే, కానీ దానికో మూల్యం ఉంది: ఇక్కడ కట్టింది సొంత దేశంలో పన్ను నుంచి మినహాయించుకోవడం ఆ కంపెనీకి కష్టం.

లెక్క చూద్దాం. ఆ పన్ను ఉన్న రోజుల్లో మన వ్యాపారి ఒక విదేశీ కంపెనీకి ఏడాదిలో 2 లక్షలు చెల్లించాడనుకుందాం. ఏడాది చెల్లింపు లక్ష దాటితేనే పన్ను; ఇది దాటింది కనుక 12,000 పట్టుకుని ప్రభుత్వానికి కట్టాలి. ఆ కంపెనీకి ఇందులో 20 శాతం లాభం ఉంటే అది 40,000. అందులో 30 శాతం పన్నుకే పోయినట్టు. లాభం 5 శాతమే అయితే మిగిలేది 10,000, పన్ను అంతకంటే ఎక్కువ. నష్టం వచ్చినా కట్టాల్సిందే. లాభం మీద పన్నుకు ఈ చిక్కు లేదు. కానీ లాభం తేల్చాలంటే ఖర్చులూ రాయల్టీలూ వాళ్ల పుస్తకాల్లో వెతకాలి. బిల్లు మొత్తం కళ్లముందే ఉంటుంది. ప్రభుత్వాలకు ఇది నచ్చడానికి అసలు కారణం అదేనని నా అభిప్రాయం.

ఇక భారం ఎవరిది? నాకు 2 లక్షలూ పూర్తిగా అందాల్సిందే అని కంపెనీ పట్టుబడితే, పన్ను దుకాణం జేబులోంచే పోతుంది.

ఇలాంటి పన్నునే 2019లో ఫ్రాన్స్ 3 శాతం, 2020లో బ్రిటన్ 2 శాతం వేశాయి. భారత్ కూడా 2020 ఏప్రిల్ నుంచి విదేశీ ఈ-కామర్స్ కంపెనీల అమ్మకాల మీద 2 శాతం చేర్చింది. ఇది తమ కంపెనీలనే గురిపెట్టిందని అమెరికా 2021 జనవరిలో తేల్చింది. జూన్‌లో కొన్ని భారతీయ సరుకుల మీద 25 శాతం సుంకం ప్రకటించి, వెంటనే 180 రోజులు ఆపింది. ఆ జాబితాలో రొయ్యలున్నాయి. ప్రకటనలతో ఏ సంబంధమూ లేని చిలికా తీరపు చెరువుల దాకా గొడవ వచ్చిందన్నమాట.

నవంబరులో రాజీ కుదిరి ఆ సుంకాలు రద్దయ్యాయి. 2 శాతం పన్ను 2024 ఆగస్టు 1న, 6 శాతం పన్ను 2025 ఏప్రిల్ 1న పోయాయి.