ఎన్నాళ్ళకి వస్తాది?

పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీ నడిపే ఒకాయనకు పీలింగ్ మిషన్ అమ్మాలని వెళ్ళాను. పిక్కలు కొట్టి, బోర్మా అనే వేడి గదిలో ఆరబెట్టాక పప్పు మీద మిగిలే ఎర్రటి పొట్టును ఈ మిషన్ గాలి ఒత్తిడితో ఊడగొడుతుంది. ఆయన దగ్గర ఆ పని ఆడవాళ్ళు చాకులతో చేస్తారు.

అరగంట విన్నాక ఆయన, "కంప్రెషర్ ఆ మూల పెడితే సరిపోద్దా? ఎన్నాళ్ళకి వస్తాది బాబూ?" అని అడిగారు. నేను "మూడు వారాలు సార్" అని ఆగలేదు. మిషన్‌లో కొంత పప్పు విరగడం గురించి కూడా చెప్పేస్తే నమ్మకం పెరుగుతుందనుకుని, ఆయన అడగకుండానే ఆ ప్రస్తావన తెచ్చాను. ఆయన ముఖం మారింది. "విరుగుతాదా? చూద్దాం లెండి" అన్నారు. పప్పు విరిగే సంగతి దాచమని నేను అనను. చెప్పాల్సింది ముందే, ఆయన ఇంకా బేరీజు వేస్తున్నప్పుడు. కొనడానికి సిద్ధపడిన మనిషి ముందు కొత్త సందేహం పెట్టానంటే తప్పు నాదే.

అమ్మకాల శిక్షణల్లో కళ్ళూ చేతులూ చదవమని తెగ చెబుతారు. కనుపాప పెద్దదైతే ఇష్టమని ఒక నమ్మకం. దీని వెనక నిజమైన పరిశోధనే ఉంది. షికాగో విశ్వవిద్యాలయంలో ఎకార్డ్ హెస్, జేమ్స్ పోల్ట్ 1960లో ఆసక్తి కలిగించే బొమ్మలు చూసేవాళ్ళ కనుపాపలు విచ్చుకుంటాయని చూపించారు. అయితే 1964లో వాళ్ళే, గుణకారం లెక్కలు మనసులో చేసేవాళ్ళకూ అలాగే విచ్చుకుంటాయని గమనించారు. వెలుతురు తగ్గినా అంతే. బోర్మా పక్కన మసక గదిలో కూర్చుని వడ్డీ లెక్క వేసుకుంటున్న వ్యాపారి కళ్ళలో మనకు ఏం తెలుస్తుంది?

అందుకే నేను కళ్ళను వదిలి ప్రశ్నల్ని పట్టుకున్నాను. "ఇది ఎలా పనిచేస్తుంది" అన్నది వస్తువు గురించిన ప్రశ్న. "మా షెడ్డుకి త్రీ ఫేజ్ ఉంది, చాలుతుందా", "పాడైతే ఎవరొస్తారు" అన్నవి తన రోజుల గురించిన ప్రశ్నలు. మిషన్ అప్పటికే ఆయన మనసులో ఆయన షెడ్డులో తిరుగుతోంది. దాని ఇబ్బందులు కూడా ఆయనకు కనిపిస్తున్నాయి. కొననివాడు అంత దూరం ఊహించడానికి కష్టపడడు. ధర అడగడం మాత్రం గట్టి గుర్తు కాదు. బేరం మనకు అలవాటు, కొనే ఉద్దేశం లేకపోయినా అడుగుతాం. తల ఊపడం మర్యాద కోసం కూడా కావచ్చు. ఒక్క ప్రశ్నతో తేల్చుకోను. అలాంటివి రెండు మూడు వేరు వేరు వైపుల నుంచి వస్తేనే నమ్ముతాను.

మరి అప్పుడు ఏం అడగాలి? బ్రిటన్‌కు చెందిన నీల్ రాకమ్ బృందం 35,000కు పైగా అమ్మకపు సంభాషణల్ని గమనించింది. చిన్న వస్తువుల దగ్గర "ఇప్పుడే తీసుకోండి" అన్న ఒత్తిడి పనిచేస్తుంది కానీ పెద్ద కొనుగోళ్ళలో అదే ఎదురు తిరుగుతుందని తేల్చింది. కారణం ఊహించడం కష్టం కాదు. లక్షల మిషన్ కొనేవాడు మనం వెళ్ళాక కూడా ఆలోచిస్తాడు, ఇంట్లో సమాధానం చెప్పుకోవాలి. తోసి ఒప్పించిన మాట ఆ రాత్రి నిలవదు. అలాంటిచోట అడగవలసింది ఆర్డర్ కాకుండా, ఆర్డర్‌కు ఒక్క మెట్టు ముందున్న పని కావచ్చు.

పది రోజుల తర్వాత మళ్ళీ వెళ్ళాను. ఈసారి ఆయన భయంతోనే మొదలుపెట్టాను: "మీ పిక్కల్లోనే ఒక బస్తాకు వచ్చిన పప్పు మా డెమో మిషన్‌లో పోసి, విరిగిన బద్దలు మీరే తూచుకుంటారా?" 80 కిలోల పిక్కల బస్తాకు పప్పు సుమారు 20 కిలోలు వస్తుంది. అందులో ఒక కిలో అదనంగా విరిగితే, గుండుకూ బద్దకూ ఉన్న ధరల తేడా మేరకే నష్టం. దాన్ని ఆ బస్తాకు మిగిలే కూలితో పోల్చుకోవచ్చు. ఆ లెక్క నేను వెయ్యలేదు, కాగితం ఆయన వైపు జరిపాను. పప్పు సరిగ్గా ఆరకపోతే ఎక్కువ విరుగుతుందని ముందే చెప్పాను. పొరపాటున తడి పప్పు తెచ్చి పరీక్ష చేస్తే మా మిషన్‌కి చెడ్డపేరు వస్తుంది కదా.

తూకం అయ్యాక నేనేమీ మాట్లాడలేదు. ఈ మౌనం చాలా బరువు, అమ్మేవాడికే ఎక్కువ టెన్షన్. ఆయన కాసేపు కాగితం చూసి, పీలింగ్ షెడ్డు చూసుకునే తన భార్యను పిలిచారు. ఆవిడ మిషన్ చుట్టూ ఒకసారి తిరిగి, "ఊడిన పొట్టు ఎటు పడతాదండీ? మా గోడ పక్కన గోనె కట్టుకోవచ్చా?" అని అడిగారు.

"కట్టుకోవచ్చమ్మా. మూడు వారాల్లో దింపిస్తాను. రాసుకోమంటారా?" అన్నాను. ఆయన అడ్వాన్స్ కోసం బీరువా తాళం వెతుకుతుంటే, నేను నోరు కట్టేసుకుని ఆర్డర్ ఫారం తీశాను.