పసుపుగా కనిపిస్తే పసుపును మింగినట్టు కాదు: కాంప్లెక్స్‌ల రంగుపై అపోహలు - వాస్తవాలు

రివిజన్ క్లాసులు మొదలయ్యాయంటే చాలు, ఎవరో ఒకరు పేపర్ పట్టుకుని వస్తారు. "సార్, [Co(NH3)6]3+ పసుపే కదా, పసుపు కాంతిని శోషించుకుంటుందని రాస్తే ఎందుకు తప్పు?" ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పడం మొదలుపెట్టినప్పటి నుంచి ఇదే ప్రశ్న వింటున్నాను.

అపోహ: ఏ రంగు కనిపిస్తే ఆ రంగును శోషించుకున్నట్టు.

కాదు. d ఎలక్ట్రాన్ పైకి ఎగరడానికి వాడుకున్న కాంతి పోగా మిగిలినదే మన కంటికి వస్తుంది. అంటే మనం చూసేది శోషించిన రంగుకు పూరక రంగు. ఈ మాట అందరికీ నోటికొచ్చు, పరీక్షలో మాత్రం చేయి జారుతుంది. ఎందుకంటే తప్పు దారిలో వెళ్లినా ఒక్కోసారి సరైన జవాబే వస్తుంది.

నా సంగతే చెబుతాను. డిగ్రీ ల్యాబ్‌లో ఆకుపచ్చని నికెల్ లవణ ద్రావణంలో అమ్మోనియా చుక్కలు వేశాను. మొదట లేతాకుపచ్చ అవక్షేపం వచ్చింది, ఇంకా పోస్తే అది కరిగి నీలంగా మారింది. "నీలం వచ్చింది కాబట్టి నీలాన్ని పీల్చుకుంటోంది, నీలానికి శక్తి ఎక్కువ, అమ్మోనియా నీటికన్నా బలమైన లైగాండ్, లెక్క సరిపోయింది" అని రికార్డులో దర్జాగా రాసేశాను. అమ్మోనియా బలమైనదన్న మాట నిజమే, కారణం మొత్తం తప్పు. నిజానికి సుమారు 720 నానోమీటర్ల దగ్గర, అంటే ఎరుపు వైపు, ఉన్న శోషణ 570 దగ్గరకు జరిగింది. అందుకే నీలం, ఊదా మిగిలి బయటకు వచ్చాయి.

అదే తర్కాన్ని కోబాల్ట్ దగ్గర వాడితే బోర్లా పడతాం. పరీక్షలకు ఇష్టమైన ముగ్గురిని చూడండి: [Co(NH3)5Cl]2+ ఊదా, [Co(NH3)5(H2O)]3+ ఎరుపు, [Co(NH3)6]3+ పసుపు-నారింజ. ముందు ఆక్సీకరణ స్థితి చూసుకోవాలి. NH3, H2O తటస్థం, Cl కి -1. మొదటిదానిలో x - 1 = +2, అంటే x = +3. మిగతా రెండింటిలోనూ +3 యే. లోహమూ, దాని ఆవేశమూ మారలేదు, మారింది ఒక్క లైగాండే, కాబట్టి Cl < H2O < NH3 క్రమంలో Δ, అంటే d స్థాయిల మధ్య శక్తి తేడా, పెరగాలి. శోషణ వరుసగా దాదాపు 535, 500, 475 నానోమీటర్లు. కిలోజౌల్స్‌లోకి మార్చాలంటే 119600ని తరంగదైర్ఘ్యంతో భాగించండి, మోల్‌కు సుమారు 224, 239, 252 వస్తాయి. స్పెక్ట్రోకెమికల్ సిరీస్, అంటే లైగాండ్ల బలాల వరుస, చెప్పినట్టే పెరిగింది. కనిపించే రంగునే శోషించిన రంగు అనుకుని ఉంటే ఊదాకు శక్తి ఎక్కువ కాబట్టి క్లోరైడే అమ్మోనియాకన్నా బలమైనదని తేలేది!

(కొన్ని పట్టికల్లో 535 పక్కన "పసుపు" అని ఉంటుంది. స్పెక్ట్రమ్‌లో అది ఆకుపచ్చ భాగం. గైడులో ఒకటి, నోట్సులో ఇంకొకటి ఉందని టెన్షన్ పడకండి, క్రమం మారదు.)

ఇక రెండో జారుడు మెట్టు. Δ పెరిగితే తరంగదైర్ఘ్యం తగ్గుతుంది. నా దగ్గర ఒక అబ్బాయి సిరీస్ మొత్తం గుక్కతిప్పుకోకుండా చెప్పేవాడు, పరీక్షలో "శోషించే తరంగదైర్ఘ్యం ఆరోహణ క్రమం" అడిగితే Δ ఆరోహణ క్రమం పెట్టి వచ్చాడు. ఆప్షన్లలో రెండూ ఉంటాయి, పేపర్ సెట్ చేసేవాళ్లకు మన బలహీనత తెలుసు మరి. ప్రశ్నలో "శక్తి" అన్నాడా, "తరంగదైర్ఘ్యం" అన్నాడా, "కనిపించే రంగు" అన్నాడా, ఆ పదం కింద గీత గీసి అప్పుడు మొదలుపెట్టండి.

అపోహ: బలమైన లైగాండ్ అయితే ముదురు రంగు.

ఈ పుకారు ఎవరు పుట్టించారో గానీ! [Co(CN)6]3- లో సయనైడ్ చాలా బలమైనది, కాంప్లెక్స్ మాత్రం లేత పసుపు, శోషణ అతినీలలోహితంలోకి వెళ్లిపోయింది. టెట్రాహెడ్రల్ [CoCl4]2- లో Δ చిన్నది, రంగు మాత్రం చిక్కటి నీలం. Δ చెప్పేది ఏ రంగు అని, ఎంత చిక్కన అని కాదు.

అపోహ: రంగుంటే d-d పరివర్తనే.

KMnO4 లో Mn +7, అసలు d ఎలక్ట్రానే లేదు. ఆ ఊదా ఆక్సిజన్ నుంచి లోహానికి ఆవేశ బదిలీ వల్ల వస్తుంది. ఆక్సీకరణ స్థితి కట్టకుండా రంగు జోలికి వెళితే ఇక్కడే దొరికిపోతారు.

అపోహ: పేరులో రుణ లైగాండ్లు ముందు రాయాలి.

అది పాత పద్ధతి. ఇప్పుడు ఇంగ్లీషు అక్షర క్రమమే, పెంటా, టెట్రా లాంటివి లెక్కలోకి రావు. పైన చూసిన ఊదా అయాన్ క్లోరైడ్ లవణం [Co(NH3)5Cl]Cl2 పేరు పెంటాఅమ్మీన్‌క్లోరిడోకోబాల్ట్(III) క్లోరైడ్. బ్రాకెట్ బయటి రెండు క్లోరిన్లు లైగాండ్లు కావు, వాటిని లోపలికి లాగి ట్రైక్లోరిడో అని రాయకండి.