కప్ లీకయితే ముందు అది విచ్చుకుందో లేదో చూడండి

మా పిన్ని కూతురు హైదరాబాద్‌లో హాస్టల్‌లో ఉంటుంది. పోయిన నెల ఫోన్ చేసి, "అక్కా, నెలసరికి మెన్‌స్ట్రువల్ కప్ కొన్నాను, గంటలోనే డ్రెస్ పాడయింది, ఇది నాకు పడదేమో" అంది. కప్ మొదలుపెట్టిన చాలామంది సరిగ్గా ఇక్కడే దాన్ని పక్కన పడేసి మళ్లీ ప్యాడ్ కొనుక్కుంటారు, నాకు బాధనిపించేది అదే, ఎందుకంటే గంటలో లీకయిన కప్ నిండి లీకవ్వడం చాలా అరుదు.

లెక్క చూడండి. ఒక నెలసరి మొత్తంలో చాలామందికి పోయే రక్తం 30 నుంచి 80 మిల్లీలీటర్లు. ఒక కప్‌లో 20 నుంచి 30 మిల్లీలీటర్లు పడుతుంది. మరి గంటకే ఎందుకు కారింది? ప్యాడ్, యోని లోపల పెట్టుకునే దూది చుట్టలాంటి టాంపన్, రెండూ రక్తాన్ని పీల్చుకుంటాయి, కప్ పీల్చదు, కింద గిన్నెలా పట్టుకుంటుంది. మడిచి లోపల పెట్టాక అది పూర్తిగా విచ్చుకుని, అంచు చుట్టూ యోని గోడకి ఆనుకోవాలి. ఒక్క చోట మడత ఉండిపోయినా ఆ సందులోంచి రక్తం పక్కకి జారిపోతుంది, కప్ మాత్రం ఖాళీగానే ఉంటుంది.

అందుకే తనని ఒకటే అడిగాను, "తీసినప్పుడు లోపల ఎంత ఉంది?" అని. "ఏమీ లేదక్కా" అంది. అంటే విచ్చుకోలేదు. పెట్టాక శుభ్రమైన వేలితో కప్ అడుగు చుట్టూ తడిమి చూడాలి, గుండ్రంగా తగిలితే సరే, సొట్ట తగిలితే అడుగు పట్టుకుని మెల్లగా తిప్పాలి. తను కప్‌ని నిలువుగా సగానికి మడుస్తోంది. దాని బదులు అంచుని ఒకవైపు వేలితో లోపలికి నొక్కి మడిస్తే కొన సన్నగా ఉంటుంది, సులువుగా విచ్చుకుంటుంది కూడా. మూడు నాలుగు గంటలకే నిండా ఉంటే మాత్రం అది బ్లీడింగ్ ఎక్కువ కావడం, తరచుగా ఖాళీ చేయాలి లేదా పెద్దది తీసుకోవాలి. సగమే నిండి కారుతుంటే, గర్భాశయం ముఖద్వారం కిందికి ఉండి కప్‌లోకి దిగి చోటు ఆక్రమిస్తోందేమో చూడాలి, అలాంటివాళ్లకి పొట్టి కప్ నయం. ఇక కప్ పెట్టిన వెంటనే కనిపించే చిన్న మరక అంతకుముందే గోడకి అంటుకున్న రక్తం, దానికి టెన్షన్ పడక్కర్లేదు.

2019లో లాన్సెట్ పబ్లిక్ హెల్త్ పత్రికలో 43 అధ్యయనాలని కలిపి చూసిన సమీక్ష వచ్చింది. అందులో కప్ లీకేజీ ప్యాడ్, టాంపన్‌లతో సమానంగానో, తక్కువగానో తేలింది, వాడినవాళ్లలో సుమారు 70 శాతం మంది అలవాటయ్యాక దాన్నే కొనసాగిస్తామన్నారు. ఆ అలవాటు పడటానికి రెండు మూడు నెలలు పడుతుంది. అప్పటిదాకా కింద ఒక ప్యాడ్ పెట్టుకోండి, మొదటిసారి సెలవు రోజున ప్రయత్నించండి.

తీయడం దగ్గర భయం ఇంకా ఎక్కువ. కప్ కింది కాడ పట్టుకుని లాగకూడదు, కప్ లోపల గోడకి గట్టిగా అతుక్కుని ఉంటుంది, నొప్పి పుడుతుంది. గొంతుకూర్చుని, కొంచెం ముక్కి, అడుగు భాగాన్ని రెండు వేళ్లతో నొక్కితే పట్టు వదులుతుంది. ముఖద్వారం రంధ్రం చాలా సన్నం కాబట్టి కప్ పైకెళ్లి పోయే ప్రమాదం లేదు. టాంపన్ పెట్టడం దీనికంటే సులువు, కానీ బ్లీడింగ్ తక్కువున్న రోజు పొడిగా ఉన్న టాంపన్‌ని లాగితే మంట. ప్యాడ్‌కి నేర్చుకోవాల్సిందేమీ లేదు, కాకపోతే మన ఎండాకాలంలో తొడల మధ్య ఒరిపిడి అందరికీ తెలిసిందే.

శుభ్రత విషయంలో టాంపన్‌కి గట్టి నియమం ఉంది, 4 నుంచి 8 గంటల్లో మార్చాల్సిందే. 1980లో అమెరికాలో బాగా పీల్చే టాంపన్లు వాడినవాళ్లలో టాక్సిక్ షాక్ సిండ్రోమ్ అనే ప్రమాదకరమైన జబ్బు బయటపడింది. అది అరుదు, కప్‌తో కూడా వచ్చిన కేసులు కొన్ని ఉన్నాయి. నెలసరిలో ఒక్కసారిగా జ్వరం, వాంతులు, ఒంటి మీద ఎర్రటి దద్దుర్లు వస్తే లోపలున్నది తీసేసి వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. కప్‌ని 12 గంటలు దాటనివ్వకండి, నెలసరికి ముందు, తర్వాత ఐదు నిమిషాలు నీళ్లలో మరిగించండి. కాపర్ టీ ఉన్నవాళ్లు ముందు డాక్టర్‌ని అడగాలి, కప్ తీసేటప్పుడు అది కదిలే అవకాశం ఉంది.

ఖర్చు మా చెల్లి లెక్కలోనే చెప్తాను. ఐదు రోజులకి 20 ప్యాడ్లు, ఒక్కోటి 7 రూపాయలు, నెలకి 140. కప్ 400. మొదటి రెండు నెలలు తోడుగా పది పది ప్యాడ్లు కలిపితే 540, అంటే నాలుగో నెలకి కప్ డబ్బు తిరిగొచ్చేస్తుంది, ఆ తర్వాత కొన్నేళ్లు ఖర్చే లేదు. జనఔషధి కేంద్రంలో దొరికే రూపాయి ప్యాడ్ వాడేవాళ్లకి మాత్రం నెలకి 20 రూపాయలే, వాళ్లకి కప్ గిట్టుబాటు కావడానికి ఏడాదిన్నర దాటుతుంది. టాంపన్ వాడిందల్లా పారేయాల్సిందే, పైగా చాలాచోట్ల ప్యాడ్ కంటే ఖరీదు.

ఫోన్ చేసిన మర్నాడు చెల్లి మడత మార్చి పెట్టుకుని, ఆరు గంటల తర్వాత తీసి మెసేజ్ పెట్టింది. కప్ సగం నిండిందట, కింది ప్యాడ్ మీద రెండు చుక్కలట.